తొమ్మిదో నంబరు బూట్లు

మా నాయిన కాలి బొటనవేలి గోరు నల్లబడిందని నేను మొదటిసారి చూసింది మొన్న ఎండాకాలంలో. అప్పటికి నాకు బూట్ల గురించి తెలిసింది ఒక్కటే, నంబరు. నాది అయిదు, నాయినది తొమ్మిది. ఆ తొమ్మిది అన్నదే తప్పని తేలడానికి నాకు మూడు వారాలు పట్టింది. మెకానికల్ మూడో సంవత్సరం చదువుతూ, ఫిట్లు, టాలరెన్సులు రెండు సెమిస్టర్లు రాసిన మనిషిని. షాఫ్టుకు, బేరింగుకు మధ్య ఎంత సందు ఉండాలో మిల్లీమీటరులో వందో వంతు దాకా లెక్క కట్టాను గానీ, మా ఇంట్లో పాదానికీ బూటుకూ మధ్య ఎంత ఉండాలో ఎప్పుడూ చూడలేదు.

మా ఊరు వెలిమెల. మా వైపు ఇళ్ళల్లో సగం మంది పొద్దున్నే పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం వైపు కంపెనీలకు పోతారు. గుమ్మం బయట చెప్పుల పక్కన నల్లటి సేఫ్టీ బూట్లు లేని ఇల్లు తక్కువ. నాయిన కూడా పదకొండేళ్ళుగా ఒక కంపెనీలో ప్యాకింగ్ దగ్గర పనిచేస్తున్నాడు. ఎనిమిది గంటల షిఫ్టు, అందులో కూర్చునేది అరగంట. బూట్లు లేకుండా గేటు లోపలికి రానివ్వరు. ఆ రోజు హాజరు పోతుంది.

కథ మాత్రం నా కాళ్ళతోనే మొదలైంది. మే నెలలో నాకు అక్కడికి దగ్గరలోనే ఇంకో కంపెనీలో నెల రోజుల ఇంటర్న్‌షిప్ దొరికింది. మొదటి రోజు స్టోర్‌లో బూట్లు ఇచ్చారు. "ఆడపిల్లలకు చిన్న సైజులు లేవమ్మా, ఆరే చిన్నది" అన్నాడు స్టోర్ అన్న. నాది అయిదు. ఒక్క నంబరే కదా అనుకున్నాను. మధ్యాహ్నానికి రెండు మడమల మీదా బొబ్బలు. అడుగు వేసిన ప్రతిసారీ మడమ పైకి లేస్తోంది, బూటు కిందనే ఉంటోంది. మెట్లెక్కితే ఇంకా ఘోరం.

మూడో రోజు నేను కుంటడం చూసి మెయింటెనెన్స్‌లో ఉండే ఒక ఫిట్టర్ అన్న "లేసు విప్పు చెల్లె" అని, తన బూటు మీదనే చేసి చూపించాడు. మీలో ఇంటర్న్‌షిప్‌కు పోయేవాళ్ళకు, వదులైన స్పోర్ట్స్ షూ వేసుకునేవాళ్ళకు పనికొస్తుంది కాబట్టి వివరంగా చెప్తాను.

నా బూటుకు రెండు వైపులా అయిదేసి రంధ్రాలు. వేళ్ళ దగ్గరది ఒకటోది, చీలమండ దగ్గరది అయిదోది అనుకోండి. నాలుగో రంధ్రం దాకా లేసు మామూలుగా అడ్డంగా దాటించుకుంటూ రావాలి. నాలుగో దాంట్లోంచి లేసు బయటికి వచ్చాక, అవతలి వైపుకు దాటించకుండా, అదే వైపు పైనున్న అయిదో రంధ్రంలోకి బయటి నుంచి లోపలికి దూర్చాలి. పూర్తిగా లాగొద్దు. నాలుగుకూ అయిదుకూ మధ్య చిన్న ఉచ్చు మిగలాలి, వేలు పట్టేంత. రెండో వైపు కూడా అంతే. ఇప్పుడు ఎడమ కొసను కుడి ఉచ్చులోంచి, కుడి కొసను ఎడమ ఉచ్చులోంచి తీసి, రెండింటినీ ముందు కిందికి, మడమ వైపుకు లాగాలి. ఉచ్చులు బిగుసుకుంటాయి. ఆ తర్వాత మామూలు ముడి. రన్నింగ్ చేసేవాళ్ళు దీన్ని హీల్ లాక్ అంటారు. స్పోర్ట్స్ షూలకు పైన కొంచెం వెనక్కి ఒక రంధ్రం ఖాళీగా ఉంటుంది చూడండి, అది ఉన్నది ఈ ఉచ్చు కోసమే.

ఇది ఎందుకు పనిచేస్తుందంటే, ఆ ఉచ్చులు కప్పీల లాగా పనిచేస్తాయి. మామూలు ముడిలో ఎంత గట్టిగా లాగినా, రంధ్రాల దగ్గర రాపిడికి బలం సగం దారిలోనే పోతుంది, నడుస్తుంటే పైభాగం వదులైపోతుంది. ఉచ్చులోంచి తీసిన లేసు మాత్రం బూటు పైఅంచును రెండు వైపుల నుంచీ చీలమండ ముందుభాగానికి అదుముతుంది. పాదాన్ని వెనక్కి నెట్టి మడమ గుంటలో కూర్చోబెట్టేది ఆ అదుముడే. మడమను వెనక నుంచి ఏదీ పట్టుకోలేదు. పైనుంచి, ముందు నుంచి పట్టుకుంటేనే అది వెనక కదలకుండా ఉంటుంది.

ఫిట్టర్ అన్న ఇంకో మాట చెప్పాడు, అది లేసు కన్నా ముఖ్యమని తర్వాత తెలిసింది. "కట్టకముందు మడమను నేలకేసి రెండుసార్లు కొట్టు" అన్నాడు. మనం బూటులో కాలు దూర్చి, వేళ్ళు ముందుకు పోయి ఉన్నప్పుడే లేసు కడతాం. అంటే పాదం తప్పు చోట ఉండగా తాళం వేసినట్టు. కూర్చుని, వేళ్ళు పైకెత్తి, మడమను నేలకు కొట్టి, పాదం పూర్తిగా వెనక్కి పోయాక కింది నుంచి పైకి ఒక్కో వరుసా బిగించాలి. ముడి విప్పకుండా కాలు దూర్చుకునే మన అలవాటు ఉన్నంతకాలం ఏ లేసు కిటుకూ పనిచేయదు.

పనిచేసిందో లేదో ఊరికే అనుకోవడం నాకు ఇష్టం ఉండదు. అందుకని సాక్సు మీద, సరిగ్గా బూటు వెనక అంచు దగ్గర, పెన్నుతో గీత గీశాను. మెట్ల మీద మెల్లగా ఎక్కుతుంటే నా ఫ్రెండు ఫోన్‌లో వీడియో తీసింది. మామూలుగా కట్టినప్పుడు ఆ గీత అంచు మీదికి దాదాపు 15 మిల్లీమీటర్లు లేచింది. హీల్ లాక్ వేశాక 5 దాకా. ఆ అయిదు ఏం చేసినా పోలేదు. కొత్త బూటు అట్ట గట్టిగా ఉన్నన్నాళ్ళు ఆమాత్రం లేవడం మామూలే, మడమ చర్మం ఒరుసుకోకపోతే చాలు. బొబ్బలు వారంలో మానాయి. నేను పెద్ద నిపుణురాలిని అయిపోయాననుకున్నాను.

ఆ ఆదివారమే నాయిన గడపలో కూర్చుని గోళ్ళు తీసుకుంటుంటే చూశాను. కుడి బొటనవేలి గోరు సగం నల్లగా, ఎడమది కూడా మూలకు నల్లగా. చిటికెన వేలి మొదట్లో బయటివైపు కాయ కాసి ఎర్రగా ఉంది.

"ఇదేంది నాయినా?"

"ఏం కాదు బిడ్డా. బూట్లతోని అయితది. ఏళ్ళ సంది ఉన్నదే."

అమ్మ లోపలి నుంచి అంది. "ఏం కాదట. మొన్న డాక్టర్ సారు ఏం చెప్పిండో చెప్పు బిడ్డకు."

అప్పుడు తెలిసింది. రెండు నెలల కింద నాయినకు షుగర్ ఉన్నదని తేలింది. పాదాలకు చిన్న పుండు కూడా పడనీయొద్దని, పడితే మానడం కష్టమని డాక్టర్ గట్టిగానే చెప్పాడట. నాయిన చేసిన జాగ్రత్త ఏమిటంటే, షిఫ్టులో సూపర్‌వైజర్ లేనప్పుడు బూట్లు విప్పి చెప్పులు వేసుకోవడం. ఫోర్క్‌లిఫ్టు తిరిగే చోట. అందుకు ఒకసారి దొరికి, ఆ రోజు ఇంటికి పంపించేశారు కూడా. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

నేను వెంటనే ఆయన బూట్లు తెచ్చి, నా కొత్త విద్య అంతా చూపించాను. మడమ కొట్టించాను, ఉచ్చులు వేశాను, గట్టిగా బిగించాను. మడమ కదలడం లేదు. "మంచిగున్నది బిడ్డా" అన్నాడు. మర్నాడు రాత్రి షిఫ్టు నుంచి వచ్చి బూట్లు విప్పగానే కాళ్ళు పట్టుకుని కూర్చున్నాడు. బొటనవేలికి నొప్పి తగ్గింది గానీ, చిటికెన వేలి పక్కన కాయ ఎర్రగా వాచింది. పాదం పైన లేసు ఒత్తిన చోట చర్మం మీద గాట్లు పడ్డాయి, వేళ్ళ దాకా తిమ్మిరి. "నీ ముడి వద్దు తల్లీ, నా పాత ముడే మంచిది" అన్నాడు. ఆయన అలా అనడం నాకు సిగ్గుగా అనిపించలేదు, భయమేసింది. షుగర్ ఉన్న మనిషికి తిమ్మిరి నేను తెప్పించాను.

అప్పుడు కూర్చుని అడగాల్సింది అడిగాను. అసలు తొమ్మిది ఎట్ల వచ్చింది?

"మొదట ఏడే ఇచ్చిండ్రు. పక్కలకు బాగ పట్టేసేది. స్టోర్ల చెప్తే ఎనిమిదిచ్చిండ్రు. అదీ పట్టింది. తొమ్మిదిచ్చిండ్రు. అది జర వదులైంది, అదే ఉంచుకున్న."

ఈ మాటల్లోనే రోగమంతా ఉంది. కానీ అది తెలియాలంటే నంబరు అంటే ఏమిటో తెలియాలి.

మన దగ్గర బూట్ల మీద వేసే నంబరు ఇంగ్లండ్ పద్ధతిది. బూటును కుట్టేది ఒక అచ్చు మీద, దాన్ని లాస్ట్ అంటారు. పెద్దవాళ్ళ సైజు అంటే, ఆ అచ్చు పొడవును అంగుళాల్లో తీసుకుని మూడుతో గుణించి అందులోంచి 25 తీసేయగా వచ్చే అంకె. అంటే ఒక్కో నంబరుకూ అంగుళంలో మూడో వంతు, 8.5 మిల్లీమీటర్ల పొడవు పెరుగుతుంది. లెక్క వేసుకుంటే ఏడో నంబరు అచ్చు 271 మిల్లీమీటర్లు, తొమ్మిదోది 288. కంపెనీని బట్టి అటూ ఇటూ అవుతుంది గానీ మూలం ఇదే. చూడండి, ఈ లెక్కలో వెడల్పు అన్న మాటే లేదు. నంబరు చెప్పేది పొడవు ఒక్కటే.

పొడవు పెరిగితే వెడల్పూ కొంత పెరుగుతుంది, నిజమే. వేళ్ళ మొదళ్ళ దగ్గర చుట్టుకొలత నంబరుకు పావు అంగుళం చొప్పున పెంచడం పాత ఆనవాయితీ. కానీ చుట్టుకొలత అంటే కింద, పైన, పక్కలు అన్నీ కలిపి. అడుగు అట్ట మీద వెడల్పు పెరిగేది నంబరుకు సుమారు 2 మిల్లీమీటర్లే. నాయినకు పక్కలకు కావలసింది నాలుగు మిల్లీమీటర్ల వెడల్పు. దానికోసం రెండు నంబర్లు ఎక్కి, అక్కర్లేని 17 మిల్లీమీటర్ల పొడవు మోస్తున్నాడు.

ఇది మా నాయిన ఒక్కడి కథ కాదనుకుంటాను. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి దాకా దేశంలో 79 చోట్ల లక్ష మందికి పైగా పాదాలను స్కాన్ చేసింది. సగటున మన పాదాలు యూరప్, అమెరికా వాళ్ళ పాదాల కన్నా వెడల్పు అని తేలింది. అందుకే మనకు సొంతంగా 'భా' అనే సైజుల పద్ధతిని ప్రతిపాదించారు. వెడల్పు పాదానికి సన్నటి అచ్చు బూటు ఇస్తే, మనిషి చేసేది ఒక్కటే, నంబరు పెంచుకుంటూ పోవడం.

నాయిన పాదం కొలవడానికి ఒక రాత్రి కూర్చున్నాం. షిఫ్టు అయిపోయాకే కొలిచాను, ఎందుకంటే రోజంతా నిలబడితే పాదం ఉబ్బుతుంది, బూటు సరిపోవాల్సింది ఆ పాదానికి. నేల మీద చార్టు పరిచి, దాని అంచును గోడకు ఆనించి, మడమను గోడకు తాకించి నిలబెట్టాను. కూర్చుని కొలిస్తే తప్పు. బరువు పడితే పాదం పొడవూ పెరుగుతుంది, వెడల్పూ పెరుగుతుంది. పెన్సిల్‌ను నిలువుగా పట్టుకుని చుట్టూ గీశాను. పెన్సిల్ లోపలికి వాలితే కొలత తక్కువ వస్తుంది. రెండు పాదాలూ కొలిచాను. ఎడమది 251 మిల్లీమీటర్లు, కుడిది 254. మూడు మిల్లీమీటర్లు పెద్దదైన కుడి పాదానికే గోరు ఎక్కువ నల్లబడింది అనుకున్నాను, కానీ కారణం అది కాదు.

254కు ముందు ఒక బొటనవేలి వెడల్పు, అంటే 12 నుంచి 17 మిల్లీమీటర్ల జాగా చాలు. 271 సరిపోతుంది. అంటే ఏడు. తొమ్మిదిలో ముందు జాగా 34 మిల్లీమీటర్లు.

మరి అంత జాగా ఉంటే వేలు ఎలా తగిలి గోరు నల్లబడింది? ఇదే నేను తలకిందులుగా అనుకున్నది. గోరు నల్లబడితే బూటు చిన్నదని అందరం అనుకుంటాం. వదులు బూటులో కూడా నల్లబడుతుంది, బహుశా ఇంకా ఎక్కువగా. మడమ వెనక పట్టు లేకపోతే, అడుగు వేసి ఆగిన ప్రతిసారీ పాదం ముందుకు జారి ఉక్కు టోపీకి తగులుతుంది. బరువు మోస్తూ ర్యాంపు దిగేటప్పుడు మరీ. ఒక్క దెబ్బకు ఏమీ కాదు. షిఫ్టుకు వేల అడుగులు, పదకొండేళ్ళు. చిన్న బూటులో వేలు నొక్కుకుని ఉంటుంది, వదులు బూటులో గుద్దుకుంటూ ఉంటుంది. తేడా కనుక్కోవడం తేలిక. పొద్దున వేసుకోగానే నొప్పి ఉంటే బూటు చిన్నది. నిలబడితే నొప్పి లేకుండా, దిగుడులోనో సాయంత్రానికో మొదలైతే పాదం జారుతున్నట్టు.

ఇంక మిగిలింది, నా హీల్ లాక్ ఎందుకు ఎదురు తిరిగిందన్నది. చార్టు మీద గీసిన పాదం పక్కన తొమ్మిదో నంబరు బూటు లోపలి అట్ట తీసి పెట్టాను. మడమలు రెండూ ఒకే గీతకు ఆనించాను. చూడగానే అర్థమైంది. పాదం అన్నిటికన్నా వెడల్పుగా ఉండేది బొటనవేలి మొదలు నుంచి చిటికెన వేలి మొదలు దాకా, మడమ నుంచి పొడవులో దాదాపు 70 శాతం దూరంలో. అట్టకు కూడా అలాంటి వెడల్పు చోటు ఉంటుంది, కానీ పెద్ద అట్టలో ఆ చోటు ముందుకు జరిగిపోతుంది. నాయిన పాదం వెడల్పు చోటుకూ అట్ట వెడల్పు చోటుకూ మధ్య 12 మిల్లీమీటర్ల తేడా. నేను ముడి వేసి మడమను వెనక్కి కూర్చోబెట్టగానే, పాదంలో వెడల్పైన భాగం బూటులో సన్నటి నడుము దగ్గర ఇరుక్కుంది. ముడి లేనప్పుడు పాదం ముందుకు జారి వెడల్పు దొరికించుకునేది, కానీ వేళ్ళు గుద్దుకునేవి. పక్కలు వదిలితే వేళ్ళకు, వేళ్ళు వదిలితే పక్కలకు. ఏళ్ళ తరబడి ఆయన పాదం ఈ రెండింటి మధ్య తిరుగుతోంది.

అమెరికాలో చార్లెస్ బ్రానాక్ అనే ఆయన 1920లలో చేసిన పాదం కొలిచే పరికరం ఇప్పటికీ పెద్ద షాపుల్లో కనిపిస్తుంది. అందులో మడమ నుంచి వేలి కొసకు ఒక కొలత, మడమ నుంచి బొటనవేలి మొదట్లో ఎముకకు ఇంకో కొలత విడిగా తీసుకుంటారు. రెండో కొలత ఎందుకో నాకు ఆ చార్టు చూశాకే తెలిసింది.

కాబట్టి నాయినకు కావలసింది పొడుగు తగ్గించి, వెడల్పు పెంచిన బూటు. కంపెనీ స్టోర్‌లో ఒకటే మోడల్, ఒకటే అచ్చు. అడిగితే "ఏడు కావాలంటే ఏడు తీసుకో" అన్నారట. చివరికి నా స్టైపెండ్ డబ్బులతో పటాన్‌చెరులో సేఫ్టీ సామాన్లు అమ్మే దుకాణానికి పోయాం. సాయంత్రం, సాక్సులు వేసుకుని, చార్టు మీంచి కత్తిరించిన పాదం బొమ్మ పట్టుకుని.

మామూలు బూట్లకు ముందు భాగం వేలితో నొక్కి జాగా చూస్తాం. ఉక్కు టోపీ ఉన్న బూటుకు అది కుదరదు, నొక్కితే తెలిసేది ఉక్కు గట్టిదనమే. ఐఎస్ఐ గుర్తు ఉన్న సేఫ్టీ బూటు టోపీ 200 జౌళ్ళ దెబ్బ తట్టుకోవాలి, అంటే 20 కిలోల బరువు మీటరు ఎత్తు నుంచి పడ్డంత. అది మన వేలికి లొంగదు, వాడుతుంటే సాగదు కూడా. "నాలుగు రోజులైతే సెట్ అయితయ్" అన్న మాట తోలు భాగానికి కొంత నిజం, టోపీకి ఎప్పటికీ నిజం కాదు. అందుకని రెండు పరీక్షలు చేశాం. లోపలి అట్ట బయటికి తీసి నేల మీద పెట్టి నాయినను దాని మీద నిలబెట్టాను. ముందు బొటనవేలి వెడల్పు జాగా ఉండాలి, పక్కలకు పాదం అట్ట దాటి పొర్లకూడదు. తర్వాత లేసు వదులుగా ఉంచి, వేళ్ళు టోపీకి తగిలేదాకా పాదాన్ని ముందుకు నెట్టించి, మడమ వెనక నా వేలు దూర్చాను. ఒక వేలు సుఖంగా పట్టాలి. రెండు పడితే పెద్దది, ఒకటీ పట్టకపోతే చిన్నది.

మొదటి మోడల్ ఏడులో చిటికెన వేలి మొదలు అట్ట దాటి సగం బయటికి వచ్చింది. ఇదే కంపెనీ మొదట్లో ఇచ్చిన రకం అయి ఉండాలి. రెండోదీ అంతే. షాపతను విసుక్కుంటూనే మూడో పెట్టె తెచ్చాడు, ముందు గుండ్రంగా, వెడల్పుగా ఉన్న మోడల్, చూడ్డానికి అందంగా ఏమీ లేదు. ఏడో నంబరు. అట్ట మీద పాదం అంచు దగ్గరే ఆగింది. మడమ వెనక ఒక వేలు పట్టింది. నాయిన నమ్మలేదు. "ఏడా? ఏడు నాకు పట్టదు బిడ్డా" అంటూనే నిలబడి, షాపు మెట్లు నాలుగుసార్లు దిగాడు, ఎక్కాడు. దిగేటప్పుడు చూడమన్నాను, ఎక్కేటప్పుడు కాదు.

ఇంటికొచ్చాక లేసులు నేనే కట్టాను, ఈసారి మెల్లగా. చిటికెన వేలి కాయ ఇంకా తగ్గలేదు కాబట్టి, ఒకటో జత రంధ్రాలు ఖాళీగా వదిలి రెండో దాని నుంచి మొదలుపెట్టాను. అలా చేస్తే వేళ్ళ మొదళ్ళ దగ్గర తోలు తెరుచుకుని అక్కడ ఒత్తిడి పోతుంది. రెండు నుంచి నాలుగు దాకా మామూలుగా. మూడో వరుసలో పాదం పైన ఎముక పొడుచుకొచ్చిన చోట మాత్రం అడ్డంగా దాటించకుండా, ఒక్కో వైపు లేసును అదే వైపు నిలువుగా పైకి తీసుకుపోయాను. ఆ ఎముక మీద లేసు లేని ఒక కిటికీ మిగిలింది. పైన ఉచ్చుల ముడి. అంటే కింద వదులు, మధ్యలో కిటికీ, పైన పట్టు. ఒకే లేసును ఒకే బిగువుతో మొత్తం లాగాలని ఎక్కడా లేదు. లేసు కొసలు పొడుగ్గా వేలాడకుండా నాలుక కిందికి దోపాను, తిరిగే యంత్రాల దగ్గర వేలాడే లేసు మంచిది కాదు.

వేళ్ళ నొప్పికి ఇంకో లేసు పద్ధతి ఉంది. లేసు ఒక కొసను బొటనవేలి వైపు అన్నిటికన్నా కింది రంధ్రం నుంచి ఏటవాలుగా నేరుగా అవతలి వైపు పై రంధ్రానికి తీసుకుపోయి, రెండో కొసతో మిగతా రంధ్రాలన్నీ మెలికలు తిప్పుతారు. ఆ ఏటవాలు లేసును లాగితే బొటనవేలి మీద గుడ్డ పైకి లేస్తుంది. నా కాన్వాస్ షూ మీద చేసి చూశాను, నిజంగానే లేస్తుంది. నాయిన బూటు మీద చేస్తే ఏమీ లేవలేదు. లేవాల్సింది గుడ్డ కాదు కదా, ఉక్కు. లేసు చేయగలిగేది మెత్తటి చోట మాత్రమే. అచ్చు తప్పయితే లేసు దాన్ని సరిచేయలేదు, కొంతసేపు దాచగలదు, అంతే. నేను మొదటిసారి చేసింది ఆ దాచడమే.

మీరు ఇది మీ ఇంట్లో ఎవరికైనా చేసేటట్టయితే, రెండు సంగతులు మనసులో పెట్టుకోండి. పాదం పైన తిమ్మిరి, చీమలు పాకినట్టు ఉంటే ముడి ఎక్కువ బిగిసినట్టు, వెంటనే వదులు చేయాలి. షుగర్ ఉన్నవాళ్ళకు ఆ తిమ్మిరి కూడా సరిగా తెలియకపోవచ్చు, కాబట్టి వాళ్ళు "మంచిగున్నది" అంటే సరిపోదు. బూటు విప్పాక సాక్సు తీసి చర్మం చూడాలి. ఎర్ర మచ్చ అరగంటకూ పోకపోతే అక్కడ ఒత్తిడి ఉన్నట్టే. ఇంకొకటి, కరిగిన లోహం, యాసిడ్ లాంటివి మీద పడే చోట పనిచేసేవాళ్ళు బూటు క్షణాల్లో విప్పగలగాలి. అక్కడ ఈ ఉచ్చుల ముడి పనికిరాదు. నాయినది ప్యాకింగ్ కాబట్టి సరిపోయింది.

మొదటి వారం రోజూ రాత్రి నేనే సాక్సులు తీయించి ఫోన్ లైటు వేసి చూశాను. మొదట్లో "ఏం జూస్తవ్ ఊకె" అని కాళ్ళు లాక్కునేవాడు, పిల్ల తన కాళ్ళు పట్టుకోవడం ఆయనకు ఇబ్బంది. మూడో రోజుకు తనే కాలు చాపాడు. పక్కన ఎరుపు పదో రోజుకు పోయింది, కాయ ఉంది గానీ మెత్తబడింది. చెప్పులు బ్యాగులో పెట్టుకుని పోవడం మానేశాడని అమ్మ చెప్పింది.

గోరు మాత్రం తొందరపడదు. కాలి బొటనవేలి గోరు నెలకు సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లే పెరుగుతుంది, మొత్తం మారడానికి ఏడాది, ఏడాదిన్నర. ఇది రాస్తున్నప్పటికి అయిదు నెలలు. మొన్న ఆదివారం గోళ్ళు తీసుకుంటూ నాయినే పిలిచాడు. మొదట్లో తెల్లగా, శుభ్రంగా ఏడెనిమిది మిల్లీమీటర్ల గోరు. దాని ముందు నల్లటిది. మధ్యలో స్కేలుతో గీసినట్టు గీత. ఆ గీత వెనక కొత్త నలుపు ఎక్కడా లేదు.

"ఇది ఏడో నంబరు గోరు బిడ్డా" అన్నాడు, తెల్లటి దాని మీద వేలు పెట్టి.